తెల్లవారుజామున తాగే రెండో లీటరు

కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్లను కదిపితే గొట్టం గురించి కాక, అంతకుముందు తాగిన మందునీళ్ల గురించే ఎక్కువ చెబుతారు. పరీక్షప్పుడు చాలాచోట్ల మత్తు ఇస్తారు కాబట్టి అది పెద్దగా తెలియదు. నీళ్లు మాత్రం మెలకువగా ఉండి మనమే తాగాలి.

మన దగ్గర ఎక్కువగా రాసేది పాలిథిలీన్ గ్లైకాల్ పొడి. సాధారణంగా ప్యాకెట్‌ను రెండు లీటర్ల నీళ్లలో కలుపుతారు. ఈ పొడి ఒంటికి పట్టదు. తనతో వచ్చిన నీటిని పేగులోనే పట్టి ఉంచి, ఉన్నదంతా కడిగేస్తూ కిందికి పోతుంది. ఒంట్లోని నీళ్లూ లవణాలూ తారుమారు కాకుండా అందులో ఉప్పులు సరిపడా కలిపి ఉంటాయి. ఆ అదోరకం ఉప్పదనం అందువల్లే. రుచి కోసం చక్కెర వేసినా, గ్లాసులు తగ్గుతాయని నీళ్లు తక్కువ పోసి చిక్కగా కలిపినా ఆ తూకం చెడుతుంది.

మా చిన్నాన్నకు ఉదయం పది గంటలకు పరీక్ష. మొదటి లీటరు సాయంత్రం ఆరింటికి, రెండోది తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఆరింటికల్లా ముగించాలని చీటీలో రాసిచ్చారు. సాయంత్రం మూడో గ్లాసుకే కడుపు ఉబ్బి, నోట్లో నీళ్లూరి, వాంతి వచ్చేలా అయింది. పిన్ని ఫోన్ చేస్తే నర్సు అరగంట ఆపమంది. ఆ తర్వాత మందునీళ్లను ఫ్రిజ్‌లో చల్లబరిచి, స్ట్రాను నాలుక వెనక్కి పెట్టుకుని, పావుగంటకో గ్లాసు చొప్పున తాగారు. నడుమ నిమ్మచెక్క చప్పరించారు, వరండాలో అటూఇటూ నడిచారు. అరగంట ఆపినందుకు మందు పనిచేయకుండా పోదు. గబగబా తాగి మొత్తం కక్కుకుంటేనే అసలు నష్టం. వికారం ఇంతకుముందే ఉన్నవాళ్లు వాంతి తగ్గించే మాత్రను ముందే రాయించుకుని, మొదటి గ్లాసుకు అరగంట ముందు వేసుకుంటే మేలు.

రాత్రి పదింటికి చిన్నాన్నకు మోషన్ పూర్తిగా నీళ్లే. “అంతా పోయింది కదే, ఇంకా పొద్దున్నే లేచి తాగడం దేనికి?” అన్నారు. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. పేగు ఖాళీ అయినా చిన్నపేగు రాత్రంతా పనిచేస్తూనే ఉంటుంది. దాని రసాలూ పైత్యరసమూ జారి వచ్చి, పెద్దపేగు మొదలయ్యే కుడివైపున పసుపుపచ్చని జిగురు పొరలా పేరుకుంటాయి. ఆ వైపునే చదునుగా ఉండే పాలిప్‌లు కొన్ని పేగు గోడకు అంటిపెట్టుకుని ఉంటాయి. పలచని పొర ఉన్నా అవి కంటబడవు. ఆ పొరను కడిగేది పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగే రెండో లీటరే. అందుకే నిద్ర చెడినా దాన్ని మానకూడదని గట్టిగా చెబుతాను. మత్తు ఇచ్చేటప్పటికి కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి, చీటీలో రాసిన గంట తర్వాత గుక్కెడు నీళ్లు కూడా వద్దు.

తిండి విషయంలో మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు మజ్జిగ. ఎంత పలచగా చేసినా అది క్లియర్ లిక్విడ్ కాదు. గంజీ, జావా అంతే. గ్లాసు అవతల పెట్టిన అక్షరాలు చదవగలిగితేనే ఆ ద్రవం పనికొస్తుంది. వడగట్టిన నిమ్మరసం, జీలకర్ర కాచిన నీళ్లు, పాలు లేని టీ, కొబ్బరినీళ్లు, ఆవాలూ కరివేపాకూ మిగలకుండా వడగట్టిన చారు తేట తీసుకోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువవుతుంది, వాళ్లు అడగకుండా తాగొద్దు. ఎర్రటి, ఊదారంగు పానీయాలు లోపల రక్తంలా కనబడతాయి కాబట్టి వద్దు. ఆకుకూరలు, జామపండు, టమాటా గింజలు రెండు మూడు రోజుల ముందునుంచే మానాలి, ఆ గింజలు గొట్టంలోని పీల్చే దారికి అడ్డం పడతాయి. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా జిగటగా చేస్తాయి, వాటిని దాదాపు వారం ముందే ఆపమంటారు.

షుగర్ మాత్రలూ ఇన్సులినూ మామూలు మోతాదులో వేసుకుని తిండి మానేస్తే ప్రమాదం. రక్తం పలచబరిచే మందులూ అంతే, సొంతంగా ఆపడం గానీ కొనసాగించడం గానీ చేయకూడదు. ఈ రెండూ చీటీ తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోవాలి. చేతులు వణికి చెమట పడితే గ్లూకోజ్ నీళ్లు తాగి, షుగర్ చూసి ఫోన్ చేయాలి. మందు తాగుతుండగా పొట్ట గట్టిగా ఉబ్బిపోయి, మోషన్ అసలు రాకుండా విపరీతమైన నొప్పి వస్తే ఇంకో గ్లాసు తాగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాంతులు ఆగకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అంతే.

ఆసుపత్రిలో నర్సు చివరి మోషన్ ఎలా ఉందని అడుగుతుంది. మూత్రంలా లేతపసుపుగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటే సిద్ధమైనట్టే. గోధుమరంగులో మడ్డిగా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పేయండి. ఎనిమా ఇస్తారు, లేదా ఇంకొంత మందు తాగించి మధ్యాహ్నానికి మారుస్తారు. దాచిపెడితే సగం చూసి ఆపేసి, మళ్లీ రెండు లీటర్లతో రమ్మంటారు.