తీగచుట్ట ముందు దిక్సూచి

డిగ్రీ కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో ఒక పొడవాటి చెక్కబల్ల కనిపిస్తుంది. దాని నడుమ నిలువుగా ఒక గుండ్రటి తీగచుట్ట, బల్ల మీద అటూ ఇటూ జరిగే ఒక చిన్న దిక్సూచి పెట్టె ఉంటాయి. స్టీవర్ట్-గీ పరికరం అంటే ఇదే. మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కాలేజీలో పనిచేసిన బాల్ఫోర్ స్టీవర్ట్, హాల్డేన్ గీ 1880ల్లో విద్యార్థుల కోసం కలిసి రాసిన ప్రయోగ పాఠాల ద్వారా ఈ పేరు స్థిరపడింది. మార్కులకు తేలికైన ప్రయోగమన్న పేరు కూడా దీనికుంది. దిక్సూచిని జరపడం, అంకెలు రాసుకోవడం, గ్రాఫు గీయడం, అంతేనన్నట్టు చేసేస్తారు. ఆ గ్రాఫులో ఒక తమాషా దాగి ఉంది. తీగచుట్టను స్కేలుతో కొలవకుండానే దాని వ్యాసార్ధం ఎంతో ఆ గీత చెప్పేస్తుంది.

తీగలో విద్యుత్తు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ ప్రకటించాడు. అదే ఏడాది పారిస్‌లో బయో, సవార్ ఆ క్షేత్రం ఎంత బలంగా ఉంటుందో కొలవడం మొదలుపెట్టారు. వారి పేరుతో నిలిచిన నియమం ప్రకారం తీగను చిన్నచిన్న ముక్కలుగా ఊహించుకోవాలి. ఒక్కో ముక్క తన వంతు క్షేత్రాన్ని ఇస్తుంది. దూరం రెట్టింపయితే ఆ వంతు నాలుగోవంతుకు పడిపోతుంది. అన్ని ముక్కల వంతులనూ దిశతో సహా కూడితే మొత్తం క్షేత్రం వస్తుంది.

వంకరటింకర తీగకు ఈ కూడిక పెద్ద తలనొప్పి. వృత్తం నడిబొడ్డున మాత్రం లెక్క చిటికెలో తేలిపోతుంది. వృత్తంలోని ప్రతి ముక్కా కేంద్రానికి ఒకే దూరంలో, అంటే వ్యాసార్ధమంత దూరంలో ఉంటుంది. పైగా అన్ని ముక్కలూ క్షేత్రాన్ని ఒకే దిశలో, చుట్ట తలానికి లంబంగా ఇస్తాయి. ఒకదాన్నొకటి రద్దు చేసుకునే గొడవే లేదు. వాటిని కూడితే వచ్చేది ఇది:

B = μ₀NI / 2a

ఇందులో N చుట్ల సంఖ్య, I ప్రవాహం, a వ్యాసార్ధం. μ₀ ఒక స్థిరాంకం, దాని విలువ దాదాపు 4π × 10⁻⁷. చుట్లు పెంచినా, ప్రవాహం పెంచినా క్షేత్రం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. చుట్టను రెట్టింపు పెద్దది చేస్తే క్షేత్రం సగమవుతుంది. దిశ తెలుసుకోవాలంటే కుడిచేతి వేళ్లను ప్రవాహం తిరిగే వైపు ముడవాలి. అప్పుడు బొటనవేలు చూపేదే క్షేత్ర దిశ.

కేంద్రం నుంచి అక్షం వెంట బయటికి కదిలితే రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. మొదటిది, ప్రతి ముక్కా దూరమవుతుంది కాబట్టి దాని వంతు తగ్గుతుంది. రెండోది, ఆ వంతులు ఇప్పుడు తిన్నగా అక్షం వెంట ఉండవు, కాస్త పక్కకు వాలిపోతాయి. వృత్తంలో ఎదురెదురుగా ఉన్న రెండు ముక్కల పక్క వాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అక్షం వెంట ఉన్న భాగమే మిగులుతుంది. ఈ రెండు నష్టాలూ కలిసి సూత్రాన్ని ఇలా మారుస్తాయి:

B = μ₀NIa² / 2(a² + x²)^(3/2)

ఇక్కడ x అంటే కేంద్రం నుంచి అక్షం వెంట దూరం. x సున్నా అయితే పాత సూత్రమే తిరిగి వస్తుంది. చుట్ట నుంచి చాలా దూరం వెళ్తే క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది, అంటే రెట్టింపు దూరంలో ఎనిమిదో వంతే మిగులుతుంది. చిన్న దండాయస్కాంతం దూరాన ఇచ్చే క్షేత్రం కూడా సరిగ్గా ఇలాగే తగ్గుతుంది. దూరం నుంచి చూసే దిక్సూచికి ఆ రెండింటికీ తేడా తెలియదు.

మరి ఇంత సన్నని క్షేత్రాన్ని కొలవడం ఎలా? ఇక్కడ భూమి సాయపడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగానికి మన ప్రయోగశాలల్లో సాధారణంగా 38 మైక్రోటెస్లాలు అని తీసుకుంటారు. తక్కెడలో ఒక పళ్లెంలో తెలిసిన రాయి ఉన్నట్టు, ఈ కొలతలో ఆ 38 మైక్రోటెస్లాలు ఉంటాయి. చుట్ట తలాన్ని ఉత్తర దక్షిణాలుగా నిలబెడితే దాని అక్షం తూర్పు పడమరలుగా ఉంటుంది. భూమి సూదిని ఉత్తరానికి లాగుతుంది, చుట్ట తూర్పుకో పడమరకో లాగుతుంది. సూది మధ్యలో ఒక కోణంలో ఆగుతుంది. ఆ కోణపు టాంజెంటును 38తో గుణిస్తే చుట్ట క్షేత్రం మైక్రోటెస్లాల్లో వచ్చేస్తుంది. పుయే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1837లో టాంజెంట్ గాల్వనామీటరును ఈ కిటుకుతోనే తయారుచేశాడు.

ఒక లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 50 చుట్లు, 0.2 ఆంపియర్ల ప్రవాహం. కేంద్రంలో క్షేత్రం 62.8 మైక్రోటెస్లాలు. భూమి భాగం కంటే ఇది ఎక్కువే కాబట్టి సూది దాదాపు 59 డిగ్రీలు తిరుగుతుంది. పెట్టెను 5 సెంటీమీటర్లు బయటికి జరిపితే 45 మైక్రోటెస్లాలు, 50 డిగ్రీలు. 10 సెంటీమీటర్ల దగ్గర 22 మైక్రోటెస్లాలు, 30 డిగ్రీలు. 20 దగ్గర 8 డిగ్రీల పైచిలుకు, 30 దగ్గర మూడే డిగ్రీలు.

ఇప్పుడు సెంటీమీటరుకు ఎంత తగ్గుతోందో గమనించాలి. కేంద్రం నుంచి మొదటి సెంటీమీటరుకు తగ్గేది 0.9 మైక్రోటెస్లా మాత్రమే. గీత అక్కడ దాదాపు చదునుగా ఉంటుంది. తర్వాత తగ్గుదల వేగం పుంజుకుంటుంది. 4 నుంచి 5కు 5.3, 5 నుంచి 6కు కూడా 5.3. ఆపైన వేగం మందగించి, 7 నుంచి 8కి 4.6కు వస్తుంది. అంటే గీత అన్నిటికన్నా నిటారుగా దిగేది సరిగ్గా 5 సెంటీమీటర్ల దగ్గర, వ్యాసార్ధంలో సగం దూరాన. అక్కడిదాకా బోర్లించిన గిన్నెలా ఉన్న వంపు, అక్కడి నుంచి ఎదురు వంపు తిరుగుతుంది. చుట్టకు అవతలి వైపు కూడా ఇలాంటి బిందువే ఉంటుంది. ఆ రెండు బిందువుల మధ్య దూరం చుట్ట వ్యాసార్ధానికి సమానం. ప్రవాహం మార్చినా, చుట్లు పెంచినా గీత ఎత్తు మారుతుందే తప్ప ఈ దూరం మారదు.

చాలా గ్రాఫులు తప్పేది కూడా ఇక్కడే. కొందరు టాంజెంటు కట్టకుండా కోణాన్నే నేరుగా గ్రాఫు మీద పెడతారు. చూడటానికి అలాంటి గీతే వస్తుంది. కానీ పెద్ద కోణాల దగ్గర కోణం నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి వంపు మారే చోటు బయటికి జరిగిపోతుంది. పై లెక్కలో అది 5 నుంచి దాదాపు 7.8 సెంటీమీటర్లకు పోతుంది. 10 సెంటీమీటర్ల చుట్టకు 15 అని సమాధానం వస్తే అనుమానించాల్సింది పరికరాన్ని కాదు, గ్రాఫును.

పరికరం వైపు నుంచి వచ్చే పొరపాట్లు వేరు. చుట్ట తలం అయస్కాంత ఉత్తర దక్షిణాలకు కొంచెం పక్కకు ఉంటే టాంజెంటు సూత్రమే చెల్లదు. దీన్ని పట్టుకోవడం తేలిక. కమ్యుటేటరుతో ప్రవాహాన్ని తిరగేస్తే సూది రెండో వైపుకు అంతే కోణం తిరగాలి. ఒకవైపు 59, మరోవైపు 52 వచ్చిందంటే బల్లను సరిచేయాలి. ముల్లు రెండు కొసల దగ్గరా రీడింగు తీసుకోమనడానికి కారణం ఇంకొకటి. సూది నిలబడిన మొన కొలత వృత్తానికి సరిగ్గా మధ్యలో లేకపోతే ఒక కొస ఎక్కువ, మరో కొస తక్కువ చూపుతుంది. రెండింటి సగటులో ఆ తేడా పోతుంది. ఇక ఇనుప స్టూలు, పక్కనే పెట్టిన అమ్మీటరు, జేబులోని సెల్‌ఫోను చేసే అల్లరి చెప్పక్కర్లేదు. అమ్మీటరులో, ఫోను స్పీకరులో శాశ్వత అయస్కాంతాలే ఉంటాయి.

దూరంగా ఉన్న రీడింగులను ఎంత నమ్మాలన్నదీ ఆలోచించాల్సిందే. ఒక డిగ్రీ పొరపాటు 59 డిగ్రీల దగ్గర క్షేత్రాన్ని నాలుగు శాతం మారుస్తుంది. అదే ఒక డిగ్రీ, మూడు డిగ్రీల దగ్గర మూడోవంతు తేడా తెస్తుంది. 30 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండేలా ప్రవాహం ఎంచుకోమని మాస్టార్లు చెప్పేది ఇందుకే. గీత చివర్లో తోకలాంటి భాగం అందంగా ఉందని దాని మీద భారం వేయకూడదు.

వంపు మారే ఆ బిందువును ప్రయోగశాల దాటి వాడుకున్నవాడు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. ఒకేలాంటి రెండు చుట్టలను ఒకే అక్షం మీద, వ్యాసార్ధమంత ఎడంతో నిలబెట్టి ఒకే దిశలో ప్రవాహం పంపితే, ఒక్కోదాని వంపు మారే బిందువు సరిగ్గా నట్టనడుమ కలుస్తుంది. ఒక చుట్ట క్షేత్రం అక్కడ ఎంత తగ్గుతుందో రెండోది అంత పెరుగుతుంది. ఒంటరి చుట్టకు కేంద్రం నుంచి రెండున్నర సెంటీమీటర్లు జరిగితే క్షేత్రం దాదాపు తొమ్మిది శాతం పడిపోతుంది. మన 10 సెంటీమీటర్ల చుట్టలు రెండింటిని ఇలా పెడితే మధ్యలో 90 మైక్రోటెస్లాలు వస్తాయి, అక్కడి నుంచి అక్షం వెంట రెండున్నర సెంటీమీటర్లు జరిగినా తగ్గేది అర శాతం లోపే.

ఈ జంటను ఉత్తర దక్షిణాలుగా తిప్పి, భూమికి ఎదురుగా సుమారు 85 మిల్లీఆంపియర్లు పంపితే మధ్యలో భూక్షేత్రపు క్షితిజ సమాంతర భాగం రద్దవుతుంది. నిలువు భాగం మాత్రం అలాగే ఉంటుంది, దానికి నిలువు అక్షంతో మరో జంట కావాలి. ఉపగ్రహాల్లో పెట్టే అయస్కాంత మాపకాలను పరీక్షించేటప్పుడు ఇలాంటి మూడు జంటలను ఒకదానికొకటి లంబంగా అమర్చిన పంజరంలో ఉంచుతారు. భూమి మీద ఉంటూనే కక్ష్యలో ఎదురయ్యే క్షేత్రాన్ని ఆ పంజరంలో కావలసిన దిశలో, కావలసిన బలంతో పుట్టించి చూస్తారు.