బిల్లు ఒకటే, ప్రశ్నలు రెండు

ఆర్టికల్‌షిప్‌లో చేరిన కొత్తలో చాలామందికి ముందుగా చేతికి వచ్చేది కొనుగోలు బిల్లుల ఫైలే. ఒక రైసు మిల్లు గోనెసంచులు కొంటుందనుకుందాం. ప్రతి బిల్లు వెనక కొనుగోలు ఆర్డరూ, సరుకు దిగినప్పుడు స్టోరు గుమాస్తా రాసిన జీఆర్ఎన్ కాగితమూ ఉంటాయి. ఈ మూడింటినీ మేనేజరు సరిపోల్చి సంతకం పెడితేనే అకౌంటెంటు పుస్తకాల్లో ఎక్కించాలన్నది మిల్లు నియమం. ఆడిట్‌ భాషలో అదే కంట్రోలు.

ఆ నియమం ఏడాది పొడవునా నిజంగా అమలైందా అని చూడటం కంట్రోలు పరీక్ష. పుస్తకాల్లో పడిన రూపాయలు సరైనవేనా అని చూడటం సబ్‌స్టాంటివ్ ప్రొసీజర్. చూసే కాగితాలు అవే కావడంతో కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

ఒక బిల్లు తీయండి. ఆర్డరు 5,000 సంచులకు, బిల్లూ 5,000కే, ఒక్కోటి 40 రూపాయలు. జీఆర్ఎన్‌లో మాత్రం 4,800. అయినా మేనేజరు సంతకం ఉంది, 2,00,000 రూపాయలూ ఖాతాకెక్కాయి. రావలసిన అంకె 1,92,000. పుస్తకాల్లో 8,000 ఎక్కువ పడిందని తేల్చేది సబ్‌స్టాంటివ్ పని. సంతకం చూసి టిక్కు కొట్టి వదిలేస్తే కంట్రోలు పరీక్ష జరిగినట్టు కాదు. మేనేజరు చేయాల్సిన సరిపోలికను మీరే మళ్లీ చేసి చూస్తేనే ఆ సంతకం ఉత్తుత్తిదని బయటపడుతుంది.

ఇంకో బిల్లులో మూడు కాగితాలూ అచ్చంగా సరిపోయాయి, సంతకమే లేదు. ‘లెక్క సరిపోయింది’ అని రాసి ముందుకు వెళ్లిపోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. రూపాయల్లో తప్పు లేదు, నిజమే. కంట్రోలు మాత్రం తప్పింది. తప్పు దొరకనంత మాత్రాన కంట్రోలు పనిచేసినట్టు కాదని ఎస్ఏ 330 ప్రమాణం స్పష్టంగానే చెబుతుంది.

సంతకం లేని బిల్లులన్నీ జులైలోనే ఉన్నాయనీ, ఆ నెల మేనేజరు సెలవులో ఉన్నాడనీ తేలితే, జులై వరకు ఆ కంట్రోలును నమ్ముకోలేం. ఆ నెల బిల్లులు మరిన్ని తీసి చూడాలి, సరఫరాదారులకు బాకీ నిర్ధారణ లేఖలు పంపాలి. కంట్రోలు బలంగా ఉందని పరీక్షలో తేలిన నెలల్లో ఈ పని కొంత తగ్గించుకోవచ్చు.

తగ్గించుకోవచ్చు గానీ, పెద్ద మొత్తాల విషయంలో పూర్తిగా మానేయడానికి ఎస్ఏ 330 ఒప్పుకోదు. కారణం ఉంది. స్టోరు గుమాస్తా, సరఫరాదారు కుమ్మక్కై 4,800 సంచులు దించి జీఆర్ఎన్‌లో 5,000 అని రాస్తే మూడు కాగితాలూ కలుస్తాయి, మేనేజరు నిజాయితీగా చూసే సంతకం పెడతాడు. సరఫరాదారుకు లేఖ రాసినా అదే అంకె తిరిగొస్తుంది. అలాంటప్పుడు గోదాములో సంచులు లెక్కపెట్టి, ఏడాదిలో ఎన్ని బస్తాల బియ్యం బయటికి వెళ్లాయో దానితో పోల్చి చూడాలి.