ఎత్తుల వరుసలో నడిమి పిల్లవాడు

1977లో వచ్చిన తన పుస్తకంలో జాన్ టూకీ అనే అమెరికన్ గణాంకవేత్త బాగా ప్రచారంలోకి తెచ్చిన పటం ఒకటి మన బడి లెక్కల్లోనూ కనిపిస్తుంది. దాని పేరు కాండం-ఆకు పటం. దాన్ని గీయడం ఎవరికైనా వస్తుంది. చిక్కంతా చదవడంలోనే.

23 మంది పిల్లలున్న ఎనిమిదో తరగతి అనుకుందాం. సెంటీమీటర్లలో వాళ్ల ఎత్తులు ఇవి:

```
13 | 4 8 9
14 | 1 3 3 5 6 8 9
15 | 0 2 3 4 5 7 7 8
16 | 0 1 3 5
17 | 2
```

గీతకు ఎడమవైపున్నది కాండం, కుడివైపున్న ఒక్కో అంకె ఒక్కో ఆకు. మొదటి వరుసలో 134, 138, 139 ఉన్నాయన్నమాట. ఇద్దరు పిల్లలు 143 ఉంటే 3 రెండుసార్లు రాయాల్సిందే. ఒకటి మింగేస్తే ఒక పిల్లవాడు తరగతిలోంచి మాయమైపోతాడు. అందుకే ముందు ఆకులు లెక్కపెట్టాలి: 3, 7, 8, 4, 1, మొత్తం 23. ప్రతి వరుసలోనూ ఆకులు చిన్న నుంచి పెద్దకు ఉన్నాయో లేదో కూడా చూడాలి.

మధ్యగతం అంటే సరిగ్గా నడుమ నిలబడ్డవాడి ఎత్తు. 23కు ఒకటి కలిపి సగం చేస్తే 12. అది స్థానమే, ఎత్తు కాదు. మొదటి రెండు వరుసల్లో 10 మంది అయిపోయారు. 11వ వాడు 150, 12వ వాడు 152. జవాబు 152. చాలామంది పిల్లలు ఆకు ఒక్కటే చూసి 2 అని రాసేస్తారు, రెండు సెంటీమీటర్ల పిల్లవాడు ఎక్కడుంటాడో ఆలోచించరు! సరిచూసుకోవాలంటే పొడవైనవాడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. అక్కడి నుంచీ 12వ వాడు 152 దగ్గరే ఆగుతాడు.

ఇక చతుర్థాంశాలు. నడిమివాణ్ని పక్కన పెడితే ఇటు 11 మంది, అటు 11 మంది. ఒక్కో గుంపులో నడిమివాడు 6వ వాడు. కింది నుంచి 6వ ఎత్తు 143, పై నుంచి 6వ ఎత్తు 158. ఈ రెంటికీ తేడా 15. అంటే తరగతిలో నడుమనున్న సగం మంది ఎత్తులు దాదాపు ఈ 15 సెంటీమీటర్లలోనే ఉన్నాయి. ఆ 172ను ఎవరైనా పొరపాటున 192 అని రాసినా ఈ జవాబుల్లో ఏదీ కదలదు; సగటు మాత్రం పెరిగిపోతుంది.

176 సెంటీమీటర్ల కొత్త కుర్రాడు చేరాడనుకోండి. 24 మందిలో నడుమ ఒక్కడుండడు, ఇద్దరుంటారు: 152, 153. వాళ్ల సగటు 152.5 మధ్యగతం అవుతుంది. సగానికి 12 మంది చొప్పున వస్తారు కాబట్టి చతుర్థాంశాలకూ ఇద్దరిద్దరి సగటే తీయాలి: 144, 159.

మళ్లీ 23 మంది దగ్గరకొస్తే, అవే ఎత్తులు ఎక్సెల్‌లో వేసి `QUARTILE.INC` అడిగితే 144, 157.5 అంటుంది, `QUARTILE.EXC` అడిగితే మనలాగే 143, 158 అంటుంది. చతుర్థాంశం తీసే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి, ఇందులో ఎవరిదీ తప్పు కాదు. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకం పట్టిన పద్ధతే పట్టండి.