నాకి నాకి ఎర్రబడిన పాదాలు

తెల్లటి షిట్జూ కుక్క. వయసు మూడేళ్లు. ఒంటి మీది బొచ్చంతా పాలలా ఉన్నా నాలుగు పాదాలు మాత్రం చిక్కటి టీలో ముంచి తీసినట్టు ఎర్రగోధుమ రంగులో ఉంటాయి. రాత్రి ఇంట్లో టీవీ కట్టేశాక సోఫా కింద నుంచి ఒకటే చప్పుడు. అరగంటైనా ఆగకుండా పాదాలు నాకుతూనే ఉంటుంది. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. విజయవాడలో అయినా హైదరాబాద్‌లో అయినా, పెంపుడు కుక్కలను చూసే క్లినిక్‌కి వానాకాలంలో ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి.

వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఆ రంగు గురించే. రక్తమేమోనని కొందరు భయపడతారు, ఫంగస్ పట్టిందని కొందరు తేల్చేస్తారు. నిజానికి ఆ రంగు చాలావరకు ఉమ్మిది. కుక్క లాలాజలంలోనూ కన్నీళ్లలోనూ పోర్ఫిరిన్ అనే వర్ణకం ఉంటుంది. పాత ఎర్ర రక్తకణాలను శరీరం విడగొట్టేటప్పుడు తయారయ్యే పదార్థాల్లో ఇదొకటి. బొచ్చు పదేపదే తడుస్తుంటే అది అంటుకుని తుప్పు రంగు తేలుతుంది. తెల్ల కుక్కల కళ్ల కింద కనిపించే గోధుమ చార కూడా ఇలా వచ్చేదే. నల్ల లాబ్రడార్ ఎంత నాకినా ఈ రంగు కంటికి కనబడదు. కాబట్టి రంగు చెప్పేది ఒక్కటే: ఈ కుక్క చాలాకాలంగా నాకుతోంది. ఎందుకు నాకుతోందో అది చెప్పదు.

ఎందుకు అన్నదానికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి, అలర్జీ లేదా ఈస్ట్. రెండింట్లో ఏదో ఒకటే అయి ఉండాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. మలసీజియా అనే ఈస్ట్ ఎక్కడి నుంచో వచ్చి పట్టుకునేది కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా కొద్దికొద్దిగా ఉంటుంది. అలర్జీ వల్ల కాలివేళ్ల సందులు వాచి దురద పెడితే కుక్క నాకుతుంది. నాకిన చోట తడి, వెచ్చదనం, చర్మపు జిడ్డు మూడూ చేరేసరికి ఈస్ట్ గుంపులుగా పెరుగుతుంది. ఆ ఈస్ట్ మళ్లీ సొంతంగా దురద పుట్టిస్తుంది. దాంతో కుక్క ఇంకా ఎక్కువ నాకుతుంది. ఒక్క ఈస్ట్‌నే చంపితే వారం పది రోజులు ఊరట దొరికి మళ్లీ మొదటికొస్తుంది. ఈస్ట్‌ని వదిలేసి అలర్జీకి మాత్రమే మందిస్తే దురద సగం కూడా తగ్గదు.

అందుకే అనుభవమున్న పశువైద్యుడు మందు రాసే ముందు ప్రశ్నలు అడుగుతాడు. "దురద ముందా, ఎర్రబడటం ముందా అమ్మా? గుర్తు చేసుకోండి."

"చర్మం బాగానే ఉండేది డాక్టర్ గారూ. ఏడాదిన్నర వయసులో ఉత్త పుణ్యానికే నాకడం మొదలెట్టింది. ఎర్రబడటం, వాసన తర్వాతే వచ్చాయి."

ఈ జవాబు విలువైనది. పైకి మామూలుగా కనిపించే చర్మం మీదే దురద మొదలవడం, అదీ ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు మొదలవడం అటోపీ అనే అలర్జీ తీరు. ఇంటి దుమ్ములోని సూక్ష్మమైన పురుగులు, పుప్పొడి లాంటివి దానికి కారణమవుతాయి. డాక్టరు చెవులు కూడా తిప్పి చూస్తాడు. పాదాలతో పాటు చెవి లోపల, చంకల్లో, పొట్ట కింద ఎరుపు ఉంటే అనుమానం బలపడుతుంది. ఒక్క పాదాన్నే నాకుతుంటే దారి వేరు. ముల్లో గడ్డి ఈనెో గుచ్చుకుందా, గోరు విరిగిందా, గడ్డ లేచిందా, కీలు నొప్పా అని వెతకాలి.

తర్వాతి పని సెల్లో టేపుది. వేళ్ల సందులో టేపు ముక్కను నొక్కి తీసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. గోటి మొదట్లో పేరుకున్న గోధుమ రంగు మట్టిని కూడా మెల్లగా గీకి తీస్తారు, ఈస్ట్‌కి అది ఇష్టమైన చోటు. మలసీజియా ఉంటే ఊదారంగులో చిన్నచిన్న వేరుశనగ కాయల్లా కనిపిస్తుంది. గుండ్రటి బాక్టీరియా ఉంటే అదీ తెలుస్తుంది. ఇన్ని కనబడితేనే జబ్బు అని చెప్పే గట్టి లెక్కేమీ లేదు. కొన్ని కుక్కలకు ఈస్ట్ మీదే అలర్జీ ఉంటుంది, వాటికి కొద్దిపాటి ఈస్ట్ చాలు. చర్మాన్ని కాస్త లోతుగా గీకి డెమోడెక్స్ పురుగు కోసం చూడటం కూడా ఇక్కడే జరగాలి. అది ఉండగా స్టెరాయిడ్ ఇస్తే జబ్బు ముదురుతుంది. మెడికల్ షాపులో దొరికే మూడు మందుల క్రీములు ప్రమాదకరం కావడానికి ఇదే కారణం. మనుషుల కోసం చేసిన వాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది, పాదానికి రాస్తే అది కుక్క కడుపులోకే పోతుంది.

మన షిట్జూ టేపులో ఈస్ట్ గుంపులుగా కనిపించింది. డెమోడెక్స్ లేదు. ఇప్పుడు డాక్టరు అలర్జీ మందు వెంటనే మొదలుపెట్టడు. సున్నా నుంచి పది వరకు దురదకు మార్కులు వేయమంటాడు. యజమాని ఎనిమిది వేసింది. క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు, మూడు వారాల పాటు స్నానం. చాలా ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది. నురగ రాగానే కడిగేస్తారు. మందు పనిచేయాలంటే నురగ పది నిమిషాలు చర్మం మీద ఉండాలి. గడియారం చూసుకుని మరీ ఉంచాలి, ఆ తర్వాత వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. పిడుదులకూ, ఫ్లీ అనే గెంతే పురుగులకూ మందు కూడా ఇదే సమయంలో పడుతుంది. పాదాలు బాగా మందబారిన కుక్కలకు ఈస్ట్‌ని చంపే మాత్రలు కూడా అవసరమవుతాయి. వాటికి కాలేయం మీద ఓ కన్నేసి ఉంచాలి.

మూడు వారాల తర్వాత మళ్లీ టేపు. ఈస్ట్ దాదాపు లేదు. దురద ఎనిమిది నుంచి ఐదుకు దిగింది. మొత్తం వైద్యంలో కీలకమైన అంకె ఈ ఐదే. తగ్గిన మూడూ ఈస్ట్ వాటా. మిగిలిన ఐదూ అలర్జీది. రెండు మందులూ ఒకేసారి మొదలుపెట్టి ఉంటే ఈ లెక్క ఎప్పటికీ తేలేది కాదు.

ఏ అలర్జీ అన్నది తర్వాతి ప్రశ్న. రక్తపరీక్షతో తిండి అలర్జీ తేలదు, ఆరోగ్యంగా ఉన్న కుక్కలకూ అందులో పాజిటివ్ వస్తుంది. తేల్చేది ఎనిమిది వారాల పథ్యం. ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి చేసిన ప్రత్యేక ఆహారమో, కుక్క ఇంతవరకు రుచి చూడని మాంసమో మాత్రమే పెట్టాలి. మన ఇళ్లలో చికెన్ తినని కుక్క అరుదు కాబట్టి ఇంట్లో వండిన చికెనూ పనికిరాదు. ఇక అమ్మమ్మ ప్రేమగా పెట్టే గుప్పెడు పెరుగన్నం, పిల్లలు విసిరే బిస్కెట్ ఎనిమిది వారాల శ్రమను ఒక్క పూటలో పాడుచేస్తాయి. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తేనే తిండి అలర్జీ అని నిర్ధారణ.

ఈ షిట్జూకు పథ్యంతో తేడా రాలేదు. దాంతో మిగిలింది అటోపీ. అది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోవాల్సింది. దురద సంకేతాన్ని అడ్డుకునే ఒక్లాసిటినిబ్ మాత్రలు మొదలుపెట్టారు, పాదాలకు వారానికోసారి షాంపూ కొనసాగించారు. దురద రెండుకు వచ్చింది. వానాకాలంలో మళ్లీ పెరిగితే మాత్రల మోతాదు పెంచే ముందు టేపు తీసి ఈస్ట్ తిరిగొచ్చిందేమో చూడాలని డాక్టరు ముందే చెప్పాడు.

పాదాల రంగు మాత్రం వెంటనే పోలేదు. మరక పట్టిన బొచ్చు ఏ షాంపూకూ తెల్లబడదు, అది పెరిగి కత్తిరింపులో పోవాల్సిందే. రెండు నెలలయ్యాక యజమాని పాదాన్ని చేతిలోకి తీసుకుని బొచ్చు విడదీసి చూసింది. కొసలు ఇంకా ఎర్రగోధుమే. మొదళ్లలో గోరంత పొడవున తెల్లటి బొచ్చు వచ్చింది.