చెడిన పోత ఖర్చు ఏ పద్దులో ఉంది?

పంపు బాడీలు పోసే ఫౌండ్రీలో ఇసుక అచ్చుకు తేమ ఎక్కువైతే, కరిగిన ఇనుము తగలగానే ఆ తేమ ఆవిరవుతుంది. బయటికి దారి దొరకని ఆవిరి లోహంలో చిక్కుకుని బ్లోహోల్స్ మిగులుస్తుంది. పైకి నున్నగా ఉన్న పోత గుట్టు లేత్ మీదకెక్కాక బయటపడుతుంది. ఒక్కోసారి రైతు బావి దగ్గర నీళ్లు కారేదాకా తెలియదు.

ఈ నష్టం జమాఖర్చుల్లో కనబడదు. చెడిన పోత మళ్లీ కొలిమికే వెళ్తుంది కాబట్టి ఇనుము ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. రెండోసారి కరిగించిన ఖర్చు కరెంటు బిల్లులో, వృథా అయిన లేత్ పని జీతాల్లో, వాపసు సరుకు కిరాయి రవాణాలో కలిసిపోతాయి. వాటిని ఏరి ఒకచోట చేర్చడమే నాణ్యతా వ్యయ విశ్లేషణ. అమెరికన్ నిపుణుడు ఆర్మండ్ ఫైగెన్‌బామ్ 1956లో ఈ ఖర్చును నివారణ, తనిఖీ, వైఫల్యం అని విడదీశాడు. ఇప్పుడు వైఫల్యాన్ని గేటు లోపల బయటపడినది, గేటు దాటాక బయటపడినది అని రెండుగా రాస్తారు.

ఒక ఊహా లెక్క చూద్దాం. నెలకు నివారణ 20 వేలు, తనిఖీ 80 వేలు, లోపలి వైఫల్యం 2 లక్షలు, బయటి వైఫల్యం 2 లక్షలు. మొత్తం 5 లక్షలు. ఫిర్యాదులతో విసిగిన యజమాని ఇన్‌స్పెక్టర్లను పెంచి, ప్రతి బాడీకీ నీటి ఒత్తిడి పరీక్ష పెట్టించాడు. తనిఖీ 1.4 లక్షలకు చేరింది. బయటి వైఫల్యం 80 వేలకు దిగింది. కానీ చెడ్డ పోతలు ఇప్పుడు లోపలే పట్టుబడుతున్నాయి కనుక లోపలి వైఫల్యం 2.4 లక్షలయింది. మొత్తం 4.8 లక్షలు. అంత శ్రమకు మిగిలింది 20 వేలే! తనిఖీ చెడ్డ పోతను పట్టుకుంటుంది గానీ, పుట్టకుండా ఆపదు.

ఆ తర్వాత ఇసుక తేమను రోజూ పలుమార్లు కొలిచే ఏర్పాటు చేసి, అచ్చులు కట్టేవారికి శిక్షణ ఇప్పించాడనుకుందాం. నివారణ 70 వేలకు పెరిగినా, లోపలి వైఫల్యం లక్షకు, బయటిది 40 వేలకు తగ్గుతాయి. కొన్ని పరీక్షలు తగ్గించి తనిఖీని 1.2 లక్షలకు తేవచ్చు. మొత్తం 3.3 లక్షలు.

పద్దు రాసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బాగుచేసిన పోతకు మళ్లీ చేసే పరీక్షను తనిఖీ కింద రాస్తారు. మొదటిసారే సరిగా వచ్చుంటే ఆ పరీక్షే అక్కర్లేదు కాబట్టి అది లోపలి వైఫల్యం.

బయటి పద్దును ఎప్పుడూ అనుమానంగానే చూడాలి. చెప్పకుండా వేరే కంపెనీకి మళ్లిన డీలరు అందులో ఉండడు. పైగా ఈ నెల వచ్చిన వాపసులు ఎన్నో నెలల కింద పోసినవి కావచ్చు. అందుకే ఇసుక పరీక్షలు ఫలించాయో లేదో తేల్చేందుకు, వాపసు వచ్చిన ప్రతి బాడీనీ దానిమీది హీట్ నంబరు చూసి, పోత పోసిన నెలకే కట్టి లెక్కించాలి.