పట్టు లాభం జార్జెట్ నష్టాన్ని కప్పదు

మార్చి 31 రాత్రి చీరల కొట్టు షట్టరు సగం దించి, అరలన్నీ ఖాళీ చేసి కట్టలు లెక్కపెడుతున్నారు. ఒకరు చదువుతుంటే ఒకరు రాస్తున్నారు. ఏటా ఆ రాత్రి నేను రెండు మూడు కొట్లలో ఉంటాను, లెక్క సరిచూడటానికి. ఓ ఏడాది ఒక యజమాని అడిగిన ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. "ఆడిటరు గారూ, సరుకంతా కలిపి చూస్తే కొన్నదానికంటే ఎక్కువే వస్తుంది కదండీ. మరి నష్టం ఎందుకు రాయమంటున్నారు?"

ఆయన ప్రశ్నలో తప్పు లేదు. దానికి జవాబు చెప్పడానికి ఆ కొట్టు సరుకునే తీసుకుంటాను. తేలిగ్గా అర్థమయ్యేలా అంకెలు మాత్రం గుండు చేశాను.

అరల్లో నాలుగు రకాలు మిగిలాయి. పట్టు చీరలు 40, ఒక్కోటి కొన్నది 6,000కి. నూలు చీరలు 500, కొన్నది 400కి. రెండేళ్ల కింద వాడకంలో ఉన్న డిజైన్ జార్జెట్ చీరలు 300, కొన్నది 900కి. ఎంబ్రాయిడరీ పని చేయించాల్సిన సాదా చీరలు 100, కొన్నది 1,200కి. కొన్న ధర ప్రకారం మొత్తం 8,30,000 రూపాయలు.

ఇక రెండో ధర. మామూలుగా వ్యాపారం సాగుతున్నప్పుడు ఆ సరుకుకు వచ్చే అమ్మకం ధర తీసుకుని, దాన్ని అమ్మకానికి సిద్ధం చేయడానికి ఇంకా పెట్టాల్సిన ఖర్చు, అమ్మడానికయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేది నికర వసూలు విలువ. హోల్‌సేలు వ్యాపారి ఇవాళ అదే చీర ఎంతకిస్తున్నాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మనం మళ్లీ కొనే ధర వేరు, మన చేతికి చివరికి మిగిలేది వేరు. ఇంకో జాగ్రత్త ట్యాగు దగ్గర. దాని మీది ధరలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అది ప్రభుత్వానికి వెళ్లే డబ్బు. దాన్ని తీసేశాకే లెక్క మొదలవ్వాలి. కింద చెప్పే అమ్మకం ధరలన్నీ జీఎస్టీ తీసేసినవే.

పట్టు చీర 8,500కి పోతుంది. అమ్మినవాడి కమీషనూ ప్యాకింగూ 300 పోగా 8,200. నూలు చీర 560కి పోయి 540 మిగులుతుంది. జార్జెట్‌ను అడిగేవాళ్లు 650 దాటడం లేదు, అందులో 30 ఖర్చు పోతే 620. సాదా చీర సంగతి కాస్త ఆగి చూడాలి. దాని అమ్మకం ధర 1,500, కొన్నది 1,200కి. పైకి లాభమే. కానీ పని చేయించకుండా ఆ ధర రాదు, పనికి 350 అవుతుంది, అమ్మడానికి 50. మిగిలేది 1,100. చీరకు వంద నష్టం ఇప్పటికే ఖాయమైంది, పని ఇంకా మొదలే కాలేదు.

ఈ నాలుగింటి నికర వసూలు విలువ కూడితే 8,94,000 వస్తుంది. కొన్న ధర 8,30,000 కన్నా ఇదే ఎక్కువ. యజమాని అడిగింది ఇదే: రెంటిలో తక్కువ వేయాలంటే 8,30,000 వేసేస్తే సరిపోదా?

సరిపోదు. అలా కలిపేస్తే పట్టు చీరల మీద ఇంకా రాని 88,000 లాభాన్ని, నూలు చీరల మీద ఇంకా రాని 70,000ను తెచ్చి, జార్జెట్ మీద కళ్లెదుటే కనిపిస్తున్న నష్టానికి చెల్లు వేసినట్టవుతుంది. పట్టు చీర కొనే మనిషి ఇంకా కొట్టు మెట్టెక్కలేదు. అమ్మకం జరగని లాభాన్ని పుస్తకంలో రాయకూడదని, రాబోతున్న నష్టాన్ని మాత్రం ముందే రాయాలని పద్దు లెక్కల్లో పాత నియమం. 1953లో చైన్‌రూప్ సంపత్‌రామ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ముగింపు సరుకు విషయంలో ఈ మాటే నిలబెట్టింది. అందుకే మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 సాధారణంగా ఒక్కో రకానికి విడివిడిగా పోల్చమంటుంది. ఒకే తరహావి, ఒకదానితో ఒకటి ముడిపడి విడదీయలేనివి అయితే కలిపి చూడవచ్చు. 'చీరలన్నీ ఒకటే కదా' అనడం మాత్రం ఆ వెసులుబాటులోకి రాదు.

విడివిడిగా చూస్తే పట్టు 2,40,000, నూలు 2,00,000 కొన్న ధరకే ఉంటాయి. జార్జెట్ 2,70,000 నుంచి 1,86,000కి దిగుతుంది. సాదా చీరలు 1,20,000 నుంచి 1,10,000కి దిగుతాయి. మొత్తం 7,36,000. తగ్గించాల్సింది 94,000.

ఇది లాభాన్ని ఎలా తాకుతుందో చూద్దాం. ఏడాది మొదట్లో సరుకు 7,00,000, కొనుగోళ్లు 40,00,000, అమ్మకాలు 48,00,000 అనుకుందాం. ముగింపు సరుకు 8,30,000 వేస్తే స్థూల లాభం 9,30,000. సరుకు 7,36,000 వేస్తే 8,36,000. మిగిలిన సరుకు విలువలో ఎంత కోస్తే లాభంలోనూ అంతే తెగుతుంది.

కానీ ఈ నష్టం కొత్తగా పుట్టింది కాదు, ఏ ఏడాదిదన్నదే ప్రశ్న. ఈ ఏడు ముగింపు సరుకే వచ్చే ఏడు ప్రారంభ సరుకు. జార్జెట్‌ను 620కి దింపి రాస్తే, వచ్చే ఏడు 650కి అమ్మి 30 ఖర్చు పెట్టినప్పుడు లాభమూ లేదు, నష్టమూ లేదు. దింపకుండా 900కే ఉంచితే వచ్చే ఏడు 84,000 నష్టం మీద పడుతుంది. రెండేళ్లు కలిపితే లెక్క ఒకటే. అయితే ఈలోగా యజమాని లేని లాభానికి పన్ను కట్టి ఉంటాడు. భాగస్వాములుంటే పంచుకుని కూడా ఉంటారు. ఆ డబ్బు ఇల్లు దాటాక వెనక్కి రాదు.

మరి యజమానులు ఎందుకు వెనకాడతారు? సగం కారణం బ్యాంకు. సరుకు మీద తీసుకున్న క్యాష్ క్రెడిట్‌లో బ్యాంకు 25 శాతం మార్జిన్ పట్టుకుంటే, సరుకు విలువ 94,000 తగ్గగానే వాడుకోగలిగే మొత్తం 70,500 తగ్గిపోతుంది. దీపావళి కొనుగోళ్లకు చేతులు కట్టేసినట్టుంటుంది. ఆ బాధ నిజమైనదే. కానీ అప్పు తీర్చాల్సింది జార్జెట్ కట్టల మీద వచ్చే 620తోనే, పుస్తకంలో ఉన్న 900తో కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా చూశాను. ఒక కొట్టులో సరుకంతటి మీదా గంపగుత్తగా పది శాతం కొట్టేశారు. పట్టు చీరలకు కూడా. ఈ ఏడు పన్ను తగ్గుతుందని ఆశ. ఏ రకం ఎందుకు తగ్గిందో చూపలేకపోతే అది అధికారి ముందు నిలవదు. పైగా దాచిన లాభం వచ్చే ఏడు బయటపడక తప్పదు.

రుజువు ఎక్కడ దొరుకుతుంది? ఏప్రిల్, మే బిల్లుల్లో. లెక్క మూసేలోపు జార్జెట్ 650కే పోయిందంటే మార్చి 31న దాని విలువ అంతేనని తెలుస్తుంది. అదే ఏప్రిల్‌లో గోడౌన్‌లో నీళ్లు చేరి చీరలు పాడైతే, ఆ నష్టం మార్చి నాటిది కాదు. ఎవరైనా ముందే ఖరారు చేసుకున్న ఆర్డరు ఉంటే, ఆ మేరకు చీరలకు ఆర్డరు ధరే తీసుకోవాలి, బజారు ధర కాదు. ఒక కళాశాల 50 జార్జెట్ చీరలు 950 చొప్పున తీసుకుంటామని రాసిచ్చి ఉంటే, ఆ 50 చీరలకు అమ్మకం ఖర్చు 30 పోయినా 920 మిగులుతుంది కనుక కొన్న ధరే నిలుస్తుంది. మిగతా 250 మాత్రమే దిగుతాయి.

ఆ యజమానికి ఇదంతా నోటితో చెప్పలేదు. మే నెలలో బిల్లు పుస్తకం తెరిచి జార్జెట్ అమ్మకాలన్నీ ఒక కాగితం మీద రాయించాను. నలభై ఒక్క చీరలు పోయాయి. ఒక్కటీ 650 దాటలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, జార్జెట్ అర వైపు చూసి, "620 వేయండి" అన్నారు.