కల్చర్ రిపోర్టు వచ్చిన రోజు

ఉదాహరణకు 62 ఏళ్ల ఆవిడ ఒకరిని అనుకుందాం. షుగర్ ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. వణుకుతో జ్వరం, నడుము పక్కన నొప్పి, బీపీ 84/50కి పడిపోయిన స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. మూత్రపిండంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని డాక్టర్ల అనుమానం. మందు ఎక్కించకముందే రెండు చేతుల నుంచీ రక్తం తీసి కల్చర్ సీసాల్లో వేశారు. మూత్రం కూడా పంపారు. వెంటనే మెరోపెనెమ్ మొదలుపెట్టారు.

అంత పెద్ద మందు ఎందుకంటే, మన దేశంలో ఇలాంటి రోగుల్లో దొరికే ఈ-కొలై చాలావరకు సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగడం లేదు. బీపీ పడిపోయిన మనిషి దగ్గర తప్పు మందుతో రెండు రోజులు పోగొట్టుకోలేం. కాబట్టి ఆ రాత్రి మెరోపెనెమ్ సరైన నిర్ణయమే. అయితే అది ఆ రాత్రికి, అప్పటికి తెలిసిన సంగతులకు తీసుకున్న నిర్ణయం. మూడో రోజు దాన్ని మళ్లీ తిరగేసి చూడటమే యాంటీబయాటిక్ స్టీవార్డ్‌షిప్‌లో సగం పని.

మర్నాడే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. సీసాలో గ్రామ్ నెగటివ్ కడ్డీలు పెరిగాయట. మూడో రోజు పూర్తి రిపోర్టు చేతికొచ్చింది. రక్తంలోనూ మూత్రంలోనూ ఈ-కొలై. సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా R, అంటే పనిచేయదు. మెరోపెనెమ్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, నైట్రోఫ్యురాంటోయిన్, కోట్రైమాక్సజోల్ ఎదురుగా S, అంటే ప్రయోగశాలలో పనిచేసింది.

S ఉన్నవాటిలో చౌకదో, చిన్నదో ఒకటి ఎంచుకుంటే సరిపోతుందనుకుంటాం. చిక్కంతా అక్కడే. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయంలో బాగా చేరుతుంది, రక్తంలో సరిపడా నిలవదు. ఈవిడకు పనికిరాదు. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ సంగతి ఇంకా తిరకాసు. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని క్రిములు రక్తంలో ఉన్నవారి మీద జరిపిన మెరినో అధ్యయనం 2018లో వెలువడింది. 30 రోజుల్లోపు చనిపోయినవారు ఈ మందు తీసుకున్నవారిలో నూటికి 12.3, మెరోపెనెమ్ తీసుకున్నవారిలో 3.7. ఆ అంకెల మీద తర్వాత వాదాలు నడిచాయి కానీ, రక్తంలో ఇలాంటి క్రిమి ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోవద్దన్న సలహా మాత్రం మారలేదు.

మిగిలింది కోట్రైమాక్సజోల్. పాత మందు, మాత్రగా మింగినా రక్తంలోకి బాగా ఎక్కుతుంది. నాలుగో రోజుకు ఆవిడకు జ్వరం లేదు, బీపీ నిలబడింది, ఇడ్లీ తింటోంది. స్కానింగ్‌లో మూత్రనాళంలో రాయి గానీ, చీముగడ్డ గానీ కనిపించలేదు. ఇవన్నీ కుదిరాయి కాబట్టే ఇంజెక్షన్ ఆపి మాత్రకు మార్చవచ్చు. ఒక్క జాగ్రత్త ఉంది. టెల్మిసార్టాన్‌తో కలిస్తే ఈ మందు రక్తంలో పొటాషియం పెంచుతుంది. రెండు మూడు రోజుల్లో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి.

"తగ్గుతున్న మందును ఎందుకు మారుస్తారండీ?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. నిజం చెప్పాలంటే కొందరు డాక్టర్లకూ మనసొప్పదు. కానీ మెరోపెనెమ్ రోగక్రిమితో ఆగదు, పేగుల్లోని రకరకాల క్రిములను తుడిచిపెడుతుంది. ఆ ఖాళీలో దానికీ లొంగని క్లెబ్సియెల్లా లాంటివి పాతుకుంటాయి. రేపు ఈవిడకే మళ్లీ జబ్బు చేస్తే వాడటానికి మందు మిగలదు.

ఇక ఎన్నాళ్లు? 14 రోజులన్నది చాలాకాలంగా ఉన్న అలవాటు. క్రీ.శ. 321లో ఆదివారాన్ని సెలవు చేసిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి వారాన్ని బట్టి మందులు రాస్తున్నామని అమెరికా వైద్యుడు బ్రాడ్ స్పెల్‌బర్గ్ ఎద్దేవా చేశారు. 2024లో వచ్చిన బ్యాలెన్స్ అధ్యయనం, రక్తంలో క్రిములున్న 3,608 మందికి 7 రోజులో 14 రోజులో మందులిచ్చి చూసింది. 90 రోజుల్లో మరణాలు 7 రోజులవారిలో నూటికి 14.5, 14 రోజులవారిలో 16.1. అంటే రెండో వారం అదనంగా చేసిన మేలేమీ కనబడలేదు.

ఆ 7 రోజులను పనిచేసే మందు మొదలైన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఈవిడకు మెరోపెనెమ్ తొలి రోజే పడింది కనుక ఇంజెక్షన్లు, మాత్రలు కలిపి 7. మొదట సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చి ఉంటే ఆ రోజులు లెక్కలోకి రావు. ఈ వెసులుబాటు అందరికీ లేదు. రక్తంలో స్టెఫైలోకాకస్ ఆరియస్ దొరికినా, గుండె కవాటానికో ఎముకకో జబ్బు పట్టినా, తీయని చీము ఉన్నా గడువు పెరుగుతుంది. క్షయ లెక్క పూర్తిగా వేరు, అక్కడ నెలల కోర్సు ఒక్కరోజు కూడా తగ్గించకూడదు.

డిశ్చార్జి కాగితం మీద ఆఖరి మాత్ర ఏ తేదీనో రాయించుకోండి. అది లేకపోతే పాత చీటీతో మందుల షాపులో మరో వారం మాత్రలు కొనేస్తారు. బాధలేమీ లేనప్పుడు "ఎందుకైనా మంచిది" అని మళ్లీ మూత్రం కల్చర్‌కు ఇవ్వకండి. ఈ వయసులో జబ్బు లేకుండానే మూత్రంలో క్రిములు కనబడవచ్చు, ఆ రిపోర్టు చూసి ఎవరో ఒకరు మళ్లీ యాంటీబయాటిక్ మొదలుపెడతారు.